సన్నని స్టిలెట్టో హీలు తీసి దిమ్మలాంటి బ్లాక్ హీలు వేయిస్తే షూ రూపం ఎంత మారుతుంది?

నీలిగోరింట: నా నల్లని షూకు ముందు మొన సన్నగా ఉంటుంది, వెనుక 7 సెంటీమీటర్ల స్టిలెట్టో. ఎత్తు మార్చకుండా బ్లాక్ హీలు వేయించుకుంటే మోటుగా కనిపిస్తుందా?

గజగామిని: ఎత్తు జోలికి మాత్రం పోకండి. కిటెన్ హీలు అవుతుందని ఆశపడి నేను 9 సెంటీమీటర్ల స్టిలెట్టోను 5కు కోయించాను. మొన గాలిలోకి లేచింది, హీలు వెనుక అంచు మీదే నిలబడింది. వారం తిరగకుండానే అది అటక ఎక్కింది.

సూటిమాట: కిటెన్ అంటే పొట్టి స్టిలెట్టోయే కదా. కోసినవారికి పని రాదు, అంతే.

పాతఅచ్చు: ఇరవై రెండేళ్లుగా షూలు తయారు చేస్తున్నాను కనుక చెబుతున్నాను, ఆ రెండూ ఒకటి కావు. స్టిలెట్టో కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, మధ్యలో కోస్తే మిగిలేది లావుపాటి చివరే. అప్పుడది కిటెన్‌లా కాక కోన్‌లా కనిపిస్తుంది. పైగా అడుగులోని ఉక్కు పట్టీ 9 సెంటీమీటర్ల ఎత్తుకే వంచి ఉంటుంది, హీలు తగ్గినా ఆ వంపు తగ్గదు. మొన లేచింది అందుకే. కిటెన్‌లో ఆ సన్నదనమంతా తక్కువ ఎత్తులోనే రావాలి, అందుకే వెనుక గీత లోపలికి వంగి, హీలు కాస్త ముందుకు జరిగినట్లు ఉంటుంది.

సూటిమాట: నా కిటెన్ హీలు వెనుక గీత నిటారుగానే ఉంది. ఇరవై రెండేళ్ల అనుభవానికి అది కనిపించలేదా?

పాతఅచ్చు: నిటారువీ ఉంటాయి, కాదనలేదు. వాటిని కూడా ఆ ఎత్తు అచ్చు మీదే చేస్తారు గాని, పొడవైనవాటిని కోసి చేయరు.

మేఘన: నేను పొట్టి. వెడ్జ్ వేసుకుంటే పొడవుగా కనిపిస్తానా? నా వెడ్జ్ పైభాగం, పక్కభాగం రెండూ నలుపే కావడంతో కాలికి ఇటుక కట్టుకున్నట్లుంది.

గజగామిని: వెడ్జ్‌లో అరికాలి వంపు కింద ఖాళీ ఉండదు, బరువంతా అందుకే కనిపిస్తుంది. పక్కభాగం బెండు రంగులో ఉన్నది చూడండి, నలుపు అక్కడితో ఆగిపోయి షూ వేరుగా తేలినట్లుంటుంది.

నీలిగోరింట: నేను అడిగింది బ్లాక్ హీలు గురించి.

పాతఅచ్చు: ఆ ఖాళీయే మీకూ లెక్క. హీలు ముందుకు మందంగా వస్తే ఖాళీ కుంచించుకుపోయి, షూ పొట్టిగా, వెనుక బరువుగా కనిపిస్తుంది. మొన సన్నగా ఉంటే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్లుంటుంది. వెనుక నుంచి చూస్తే వెడల్పుగా, పక్క నుంచి చూస్తే పలుచగా ఉండే బ్లాక్ అడగండి. అయితే దాని పైకొస మీ షూ మడమభాగానికి సరిగ్గా అతకాలి, లేకుంటే అంచులో సందు పడుతుంది.

సూటిమాట: అంత తంటా ఎందుకు, కోన్ వేయించుకోండి.

పాతఅచ్చు: కోన్ లావంతా పైనే, ఆ ఖాళీ మొదలయ్యే చోటే ఉంటుంది. గుండ్రటి మొనకైతే నప్పుతుంది.

సూటిమాట: నా కోన్ షూకు మొన సన్ననే, చూసినవారెవరూ వంక పెట్టలేదు.