అప్‌డేట్: గుంతలో పైకి తేలిన సంపు ట్యాంకు

నా ప్రశ్న: మట్టి పూడ్చకముందే వాన పడి, గుంతలో దించిన ఖాళీ ప్లాస్టిక్ సంపు పైకి లేచింది. కింద కాంక్రీటు పోసి కట్టేస్తే ఆగుతుందా?

అప్‌డేట్: ఆగింది, అందరికీ థాంక్స్. ట్యాంకు అడుగు 1 చదరపు మీటరు, ఎత్తు 1 మీటరు, బరువు 40 కిలోలు. అంటే చుట్టూ 4 సెంటీమీటర్ల నీరు చేరితే చాలు, తేలిపోతుంది! పూర్తిగా మునిగితే అడుగున పీడనం దాదాపు 9,800 పాస్కల్‌లు, పైకి తోపుడు 1,000 కిలోల బరువంత. నీరు ఇంకా పెరిగితే పైకప్పు మీదా అంతే పీడనం పెరుగుతుంది కాబట్టి తోపుడు పెరగదు. ట్యాంకు బరువు పోను 960 కిలోలు ఆపాలి. ఘనపు మీటరు కాంక్రీటు 2,400 కిలోలున్నా, నీళ్లలో 1,400 కిలోలుగానే పనిచేస్తుంది. ఇదే నాకు కొత్త విషయం. అంత కాంక్రీటు పోసి, పట్టీలతో కట్టాం. మొన్నటి వానకు గుంత నిండినా ట్యాంకు కదల్లేదు.