మతాలు, పర్యావరణం: 9వ తరగతి ప్రాజెక్టులో సూక్తులు రాయించాలా, ఆచరణ కొలిపించాలా?

సోషల్ టీచర్ (ప్రశ్న): 9వ తరగతికి "మతాలు – పర్యావరణ నీతి" అని ప్రాజెక్టు ఇవ్వాలి. ఒక్కో మతం నుంచి ప్రకృతి గురించి రెండు సూక్తులు రాసి చార్టు చేయమంటే సరిపోతుందా? క్లాసులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. గొడవ రాకుండా ఎలా ఇవ్వాలి?

పచ్చతోరణం: సూక్తులే మంచిది సార్. అయితే అన్ని మతాలూ ఒకటే చెప్పాయని మాత్రం రాయించకండి. మనం నదిని తల్లి అన్నాం, చెట్టుకు పసుపు కుంకుమ పెట్టాం. బైబిల్ మొదటి అధ్యాయంలోనే భూమిని లోపరచుకోమని, జీవులను ఏలమని మనిషికి చెప్పింది. నేటి పర్యావరణ సంక్షోభానికి మూలం అక్కడే ఉందని అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లోనే సైన్స్ పత్రికలో రాశాడు.

ఏటిగట్టు: వైట్ ఆ మాట రాసింది నిజమే. అదే వ్యాసం చివర ఆయన క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తల పోషక సెయింట్‌గా ప్రతిపాదించాడు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ ఆ ప్రకటన చేశారు కూడా. ఆదికాండంలోనే రెండో అధ్యాయంలో మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యం చేయడానికి, కాయడానికి అని ఉంది. ఒక వాక్యం పట్టుకుని ఒక నాగరికత మొత్తాన్ని తూచలేం. ప్రకృతితో సామరస్యం గురించి ఎంతో రాసుకున్న ప్రాచీన చైనాలో కూడా అడవులు విపరీతంగా నరికారని వైట్‌ను విమర్శించిన వాళ్లు చూపించారు.

సూక్తుల చార్టుతో నాకున్న ఇబ్బంది ఇదే. పిల్లలు అందమైన వాక్యాలే ఏరుకొస్తారు, అన్ని మతాలూ ఒకేలా కనిపిస్తాయి, ప్రాజెక్టు అక్కడితో అయిపోతుంది. మతాలు ఏ కారణంతో ఆ మాట చెప్పాయో అడిగితేనే తేడా తెలుస్తుంది. ఒక్క నీటినే తీసుకోండి. ఇస్లాంలో అభ్యంతరం వృథా మీద. మనుస్మృతి నాలుగో అధ్యాయం నీటిలో మలమూత్రాలు విడవొద్దు, ఉమ్మొద్దు అంటుంది, అక్కడ దృష్టి శుచి మీద. బౌద్ధ భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. అది నీళ్లలోని పురుగులు చావకుండా ఉండటానికి. బైబిల్‌లోని యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయంలో బలిసిన గొర్రెలు తేటనీళ్లు తాగి, మిగిలినవి కాళ్లతో కలకచేసి బక్కవాటికి వదిలేస్తున్నాయని దేవుడు మందలిస్తాడు. అక్కడ సమస్య పక్కవాడి వాటా. నీరు ఒకటే అయినా వృథా, శుచి, ప్రాణం, న్యాయం అని కారణాలు నాలుగు.

గల్లీ కుళాయి: మా నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడాన్ని వుజూ అంటాం. వుజూ చేస్తున్న తన అనుచరుడు సఅద్‌ను చూసి ప్రవక్త ఇదేం దుబారా అన్నారట. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని ఆయన అడిగితే, పారే నది ఒడ్డున ఉన్నా ఉంటుంది అన్నారట. అయినా మా మస్జిద్‌లో కుళాయి తిప్పి పెట్టి కబుర్లు చెప్పుకుంటారు. చెబితే పెద్దవాళ్లకు కోపం.

ఏటిగట్టు: ఆ హదీసు, అంటే ప్రవక్త గురించిన ఆ ఉల్లేఖనం, ఇబ్నె మాజా సంకలనంలో ఉంది భాయ్. దాన్ని చెప్పుకొచ్చినవాళ్ల పరంపర బలహీనమని చాలామంది పండితులు అన్నారు కాబట్టి పిల్లలు దాని మీదే ఆధారపడకూడదు. బుఖారీ సంకలనంలో ఉన్నది గట్టిది: ప్రవక్త ఒక ముద్ నీటితో వుజూ చేసేవారు. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు, పండితుల లెక్కల్లో కాస్త అటూ ఇటూ ఉంటుంది. కొలత ఉంది కాబట్టి పిల్లలు దీన్ని పరీక్షించవచ్చు.

ఇద్దరు పిల్లల అమ్మ: మా వాడికి పోయినేడు ఇలాంటిదే ఇచ్చారు. రాత్రి పదింటికి స్టేషనరీ షాపులో రెడీమేడ్ బొమ్మలు కొని నేనే అంటించాను. ఒకటే టెన్షన్. వినాయకుడి మట్టి విగ్రహం చేయిస్తే ప్రాజెక్టు కింద తీసుకుంటారా టీచర్ గారూ?

మహద్ బాట: అమ్మా, మట్టి విగ్రహం చేయించడం మంచిదే. కాకపోతే టీచర్ గారి ప్రశ్న వేరు. ఏటిగట్టు గారికి నాది ఒక అభ్యంతరం. మనుస్మృతిని నీటి నీతికి ఉదాహరణగా క్లాసులో పెడితే, మా పిల్లలు ఏం వినాలి? 1927 మార్చి 20న అంబేద్కర్ మహారాష్ట్రలోని మహద్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది. అంటరానివాళ్లు తాకితే చెరువు మైలపడుతుందన్నారు. తర్వాత ఆ చెరువును శుద్ధి చేశారు కూడా. అదే ఏడాది డిసెంబర్ 25న మహద్‌లోనే జరిగిన రెండో సభలో మనుస్మృతిని తగలబెట్టారు. శుచి అనే కారణం నీటిని కాపాడింది అంటున్నారు. అది మనిషిని నీటికి దూరం పెట్టింది కూడా. రెండోది చెప్పకుండా మొదటిది చెబితే అబద్ధమే.

ఏటిగట్టు: మీరన్నది ప్రాజెక్టులో తప్పకుండా ఉండాలి. నాలుగు కారణాలనూ పక్కపక్కన పెట్టమన్నది అందుకే, ఒక్కోదానికీ ఒక హద్దు ఉంది. శుచి అన్న కారణానికి ఇంకో హద్దు హుస్సేన్ సాగర్‌లో కనిపిస్తుంది. నిమజ్జనం చేసేవాళ్లకు విగ్రహం పవిత్రం, కాబట్టి అది చెరువును పాడుచేస్తుందని అనిపించదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ త్వరగా కరగదు, రంగుల్లో లోహాలు ఉంటాయి. అందుకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో ఆ విగ్రహాలు వద్దంది. వడకట్టే గుడ్డ నియమానికీ హద్దుంది: భూగర్భజలం ఎంత తోడుతున్నామో అది అడగదు.

టీచర్ గారూ, నేనైతే ప్రాజెక్టు ఇలా ఇస్తాను. నలుగురి జట్టు. ఒక్కొక్కరు ఒక సంప్రదాయం నుంచి నీటి నియమం ఒకటి, అది ఎక్కడుందో అధ్యాయంతో సహా రాయాలి. అది వృథాను ఆపడానికా, శుచికా, ప్రాణానికా, వాటాకా అని ఒక పేరాలో వాదించాలి. తర్వాత ఊళ్లో ఉన్న ఒకే సమస్యకు నాలుగు నియమాలనూ పట్టి చూడాలి, ఏది అందుతుంది, ఏది అందదు అని.

కొలత మస్జిద్‌లో వద్దు, గుడిలో వద్దు. బడి కుళాయి దగ్గర, మధ్యాహ్న భోజనానికి ముందు తమ చేతులే కొలుచుకోవాలి. 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఉదాహరణకు 100 సెకన్లయితే నిమిషానికి 6 లీటర్లు. కుళాయి తిప్పి ఉంచి ఒకరు అర నిమిషం చేతులు కడిగితే 3 లీటర్లు, అంటే నాలుగు ముద్‌లు. కుళాయి సగమే తిప్పితే లెక్క మారుతుంది కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. "వాళ్లు వృథా చేస్తున్నారు" అనే మాటకు అక్కడ చోటుండదు.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్: కొలత బాగుంది. నాలుగు మతాల హద్దులు తొమ్మిదో తరగతి పిల్లాడు రాస్తే ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా? నేనైతే హద్దులు తీసేసి కారణాలు మాత్రమే ఉంచుతాను. మార్కులు కొలతకే వేయండి.

మహద్ బాట: హద్దులు తీసేస్తే మళ్లీ సూక్తుల చార్టే కదా సార్.

పచ్చతోరణం: ఎవరి సంప్రదాయం మీద వాళ్లే రాస్తే బాగుంటుంది. బయటివాడు హద్దు చెబితే నొప్పి, ఇంట్లోవాడు చెబితే ఆలోచన.

ఏటిగట్టు: నాకు దీనిమీద అనుమానం ఉంది. తన మతం మీద రాసే పిల్లాడు దాన్ని సమర్థిస్తాడు, వేరేదాని మీద రాసేవాడు చదవక తప్పదు. చీటీలు తీయించి సంప్రదాయం ఇవ్వండి. హద్దుల పేరా మాత్రం ఆ సంప్రదాయం పిల్లల ముందే క్లాసులో చదివించండి, ఇంటికి వెళ్లేలోపు తప్పులు అక్కడే తేలతాయి.

సోషల్ టీచర్: బడి కుళాయి, నాలుగు కారణాలు ఖాయం. హద్దుల పేరా మార్కులు లేకుండా క్లాసు చర్చకు పెడతాను. మహద్ గురించి పాఠం ముందు నేనే చెబుతాను. చీటీల సంగతి పేరెంట్స్ మీటింగ్‌లో అడిగి చూడాలి. జైనుల నీటి నియమం ఎవరైనా వివరంగా చెప్పగలరా? మా క్లాసులో ఒక మార్వాడీ అమ్మాయి అడిగింది.

గల్లీ కుళాయి: మా పక్కింటి వాళ్లు జైనులే. నీళ్లు గుడ్డతో వడకట్టి, గుడ్డలో మిగిలిన పురుగుల్ని ఏ నీళ్లలోవి ఆ నీళ్లలోనే మెల్లగా వదలాలట. బోరు నీళ్లయితే ఎలా వదులుతారో నేనూ అడగలేదు. ఆ అమ్మాయినే వాళ్ల అమ్మమ్మను అడిగి రమ్మనండి.