బాడీ రౌండ్‌నెస్ ఇండెక్స్‌కి నడుము ఎక్కడ కొలవాలి? రెండు చోట్ల రెండు నంబర్లు వస్తున్నాయి

అందరికీ నమస్తే, హైదరాబాద్ నుంచి. మా నాన్నగారి బీఎంఐ నార్మలే కానీ పొట్ట బాగా ముందుకొచ్చింది, అందుకే 2013లో వచ్చిన ఈ బాడీ రౌండ్‌నెస్ లెక్క వేసి చూద్దామనుకున్నా. ఇందులో బరువు ఉండదు, మనిషిని కోడిగుడ్డు ఆకారంలా ఊహించుకుని అది ఎంత గుండ్రంగా ఉందో చూస్తారంతే. ఫార్ములా ఇది, W నడుము, H ఎత్తు, రెండూ సెంటీమీటర్లలోనే:

```
BRI = 364.2 - 365.5 * sqrt(1 - (W/(3.1416*H))^2)
```

ఆయన ఎత్తు 168. ప్యాంటు కట్టుకునే చోట, అంటే పొట్ట కింద, టేపు పెడితే 86 వచ్చింది, లెక్క 3.58. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలిస్తే 94, అప్పుడు 4.54. ఎనిమిది సెంటీమీటర్లకే దాదాపు ఒక పాయింట్ తేడా! టైలర్ కొలత ఎటూ పనికిరాదని అర్థమైంది, కానీ కొందరు తుంటి ఎముక పైనే కొలవమంటున్నారు, మరి మీరు ఏది ఫాలో అవుతున్నారు?

ఇంకోటి, ఫార్ములాలో ఉన్నది W/H ఒక్కటే కదా, నడుము ఎత్తులో సగం దాటకూడదనే పాత రూల్ ప్రకారం ఆయనది 0.56, అంటే ఎక్కువేనని ముందే తెలిసిపోతోంది (సరిగ్గా సగం ఉంటే BRI 3.36 అవుతుంది). మరి ఈ వర్గమూలం గొడవంతా పడితే కొత్తగా తెలిసేదేంటి? డాక్టర్లు, డైటీషియన్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.