టీటీ ఆన్ చేస్తే ఎత్తు తప్పుతోంది: 64 బిట్ల కీ చాలదా, బోర్డంతా దాచాలా?

కొత్తఎత్తు
సొంతంగా చదరంగం ప్రోగ్రాం రాస్తున్నాను. ఒకసారి లెక్కేసిన పొజిషన్ల ఫలితాలు దాచుకునే టీటీ, అంటే ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ ఆపేస్తే నెమ్మదిగానైనా సరిగ్గా ఆడుతోంది. ఆన్ చేస్తే వేగం బాగా పెరుగుతోంది కానీ ఒక్కోసారి మంత్రిని ఊరికే ఇచ్చేస్తోంది. టేబుల్లోంచి వచ్చిన ఎత్తు కొన్నిసార్లు ఖాళీ గడి నుంచి మొదలవుతోంది! టేబుల్లో 2^22 ఎంట్రీలు, ఒక్కోటి 16 బైట్లు, మొత్తం 64 ఎంబీ. బోర్డుని ఒకే సంఖ్యగా మార్చే జోబ్రిస్ట్ కీ uint64_t, కీ మొత్తం పోల్చే తీసుకుంటున్నాను. 64 బిట్లు చాలవా? బోర్డు కూడా దాచాలా?

విక్రమార్కుడు
దాచాలి. ఇందులో చర్చేముంది? కీ అనేది బోర్డు కాదు, బోర్డుకి పెట్టిన ముద్దుపేరు. ఒకే ముద్దుపేరున్న ఇద్దరిని ఒకరనుకుంటే ఏమవుతుందో నీకు కనబడుతూనే ఉంది. గడికి 4 బిట్ల చొప్పున 64 గడులకి 32 బైట్లు. ఎంట్రీ పక్కనే పెట్టు, కీ కలిశాక బోర్డు కూడా పోల్చు. ఖాళీ గడి గుర్రాలు ఆ రోజుతో ఆగిపోతాయి.

పాతకాపు
ఆగిపోతాయి, టేబుల్ కూడా మూడో వంతుకి పడిపోతుంది. 16 బైట్ల ఎంట్రీ 48 అవుతుంది, అదే 64 ఎంబీలో 42 లక్షల ఎంట్రీల బదులు 14 లక్షలే పడతాయి. జ్వరం దేనికొచ్చిందో చూడకుండా దుప్పటి కప్పే వైద్యం ఇది.

కొత్తఎత్తూ, లెక్క చూడు. ఇండెక్స్‌కి 22 బిట్లు పోతే సరిచూడటానికి 42 బిట్లు మిగులుతాయి. టేబుల్ నిండా ఉన్నా, సెకనుకి పది లక్షల సార్లు వెతికినా, ఒక దొంగ పోలిక తగలడానికి సగటున 51 రోజులు పడుతుంది. నీకేమో కూర్చున్నంతసేపట్లోనే తగులుతోంది. అంటే నీ దగ్గర ఉన్నవి 64 బిట్లు కావు, లేదా కీ ఎక్కడో తప్పుగా మారుతోంది. ఎత్తు వేశాక, వెనక్కి తీశాక ఈ లైను పెట్టి రాత్రంతా నడుపు:

```
assert(key == compute_key(board));
```

యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఎలా నింపావో కూడా ఇక్కడ పెట్టు.

మిణుగురు
జోబ్రిస్ట్ 1970 నాటి పద్ధతి కదా, ఇంకా అదే వాడుతున్నారా? షా-256 లాంటి గట్టి హ్యాష్ వాడితే ఈ గొడవే ఉండదు. పాస్‌వర్డులకి కూడా హ్యాష్‌లే వాడుతున్నారు.

పాతకాపు
ఇక్కడ దొంగెవరూ లేడండీ, తాళం గట్టిదనం ఎవరికీ అక్కర్లేదు. గుర్రం ఒక గడి నుంచి ఇంకో గడికి దూకితే పాత గడి సంఖ్యతో ఒక ఎక్సార్, కొత్త గడి సంఖ్యతో ఒకటి, వంతు మారినందుకు ఇంకొకటి. అంతే, కొత్త కీ తయారు. మీ పద్ధతిలో ప్రతి నోడులో బోర్డంతా మళ్లీ నమలాలి. మనం టేబుల్ పెట్టుకున్నదే వేగం కోసం.

విక్రమార్కుడు
51 రోజులట. లెక్కలు కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటాయి. రెండేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ టోర్నమెంటు, చివరి రౌండు. నా ప్రోగ్రాం ఒక ఏనుగు ఎక్కువతో ముందుంది, ఇరవై ఎత్తుల్లో ఆట ముగిసేది. టేబుల్ ఇచ్చిన ఎత్తు వేసింది, అది చెల్లని ఎత్తు, ఆట పోయింది. మూడు నెలల పని. "కీ ఢీకొనడం అరుదు" అని ఆ ముందు రోజే నాకు ఒకాయన చెప్పాడు. అప్పటినుంచి నేను ఎవరి లెక్కలూ నమ్మను, బోర్డునే నమ్ముతాను.

పాతకాపు
అప్పుడు మీ కీ ఎన్ని బిట్లు?

విక్రమార్కుడు
32. అయితే?

పాతకాపు
అయితే ఏముంది. 32లో 22 ఇండెక్స్‌కి పోతే మిగిలింది 10, అంటే టేబుల్లో నిండిన గడిని తట్టిన ప్రతి వెయ్యి సార్లలో ఒకసారి తప్పు పోలిక. దానికి తోడు, టేబుల్ ఇచ్చిన ఎత్తు ఈ బోర్డు మీద చెల్లుతుందో లేదో చూడకుండానే వేశారు. పేరున్న చదరంగం ప్రోగ్రాం స్టాక్‌ఫిష్ ఎంట్రీలో సరిచూడటానికి దాచేది 16 బిట్లే, ఒక గుంపులో మూడు ఎంట్రీలు. అంటే దాదాపు 22 వేల సార్లకి ఒక దొంగ పోలిక, సెకనుకి పది లక్షల సార్లు వెతికితే నలభైకి పైగానే. అయినా అది మీ ప్రోగ్రాంనీ నా ప్రోగ్రాంనీ కలిపి తంతుంది. ఎందుకంటే ఎత్తు చెల్లుతుందో లేదో చూసుకున్నాకే వాడుతుంది. ఇక తప్పు స్కోరు ఒకటి చెట్టు అడుగున ఎక్కడో పడితే, పైదాకా ప్రాకి వేరు దగ్గర, అంటే అసలు వేయబోయే ఎత్తుని మార్చడం అరుదు. చదరంగం ప్రోగ్రాములు రాసే హయాట్, కోజీ 2005లో కావాలనే తప్పు పోలికలు చొప్పించి మరీ ఇదే చూశారు.

విక్రమార్కుడు
అంటే తప్పులున్నాయని ఒప్పుకుంటున్నారు. "తప్పే కానీ పర్లేదు" అన్నది మీ వాదన. తప్పు తప్పే.

పాతకాపు
మీ ఓటమి మీ కోడు చేసిన పని. దాన్ని అందరి నెత్తినా రుద్దకండి.

విక్రమార్కుడు
నెత్తిన రుద్దుతున్నది ఎవరు? ఏ దారంలో చూసినా వచ్చి "మీకు లెక్క రాదు" అనడం తప్ప మీరు చేసేదేంటి? కొత్తవాడు అడిగిన ప్రశ్నకి సూటిగా ఒక్క జవాబు ఇచ్చారా ఇంతవరకూ?

తోకచుక్క
పాప్‌కార్న్ పట్టుకొచ్చా 🍿

కొత్తఎత్తు
సార్లూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ అసర్ట్ పెట్టి రెండు గంటలు నడిపాను, ఒక్కసారీ ఆగలేదు. కాబట్టి కీ సరిగ్గానే ఉన్నట్టే కదా? పట్టిక నింపేది ఇలా:

```
for (int p = 0; p < 12; p++)
  for (int s = 0; s < 64; s++)
    z[p][s] = rand();
```

వంతుకి, క్యాస్లింగ్‌కి, ఎన్‌పాసాంట్‌కి కూడా ఇలాగే.

విక్రమార్కుడు
చూశారా, అసర్ట్ ఆగలేదు! కీలో తప్పు లేదు. ఢీకొనడమే. నేను మొదట్నుంచీ అదేగా చెబుతున్నది.

సుజాత
మీరిద్దరూ కొట్టుకోవడం ఆపి అతను పెట్టిన కోడు చూడండి. rand() ఇచ్చేది 15 బిట్లే! 32767 దాటదు. uint64_t అని పేరు పెట్టినంత మాత్రాన పై బిట్లు ఎక్కణ్నుంచి వస్తాయి?

పాతకాపు
పట్టారు సుజాత గారూ. కానీ 15 అయ్యుండదు. అలాగైతే టేబుల్ మొత్తంలో 32768 గడులే నిండేవి, నిండిన గడిని తట్టిన ప్రతి పొజిషనూ ఇంకోదానిలా కనబడేది, ప్రోగ్రాం ఎప్పుడో పిచ్చిదైపోయేది. కొన్ని కంపైలర్లలో 15 అన్నది నిజం, ఇతని దగ్గర 31 అనుకుంటా. తమ్ముడూ, ఓ పది కీలు హెక్సాలో అచ్చేసి పెట్టు.

కొత్తఎత్తు

```
000000005f3a91c2
0000000012e07b4d
000000006ac4f819
```

మిగతావీ ఇంతే, ఎడమ సగం అన్నీ సున్నాలే 😶

పాతకాపు
అదీ సంగతి. 31 బిట్ల సంఖ్యల్ని ఎన్నిటిని ఎక్సార్ చేసినా 31 బిట్లు దాటవు. 22 ఇండెక్స్‌కి పోగా మిగిలింది 9. నిండిన గడిని తడితే 512 సార్లకి ఒకసారి వేరే పొజిషన్ "నేనే" అని పలుకుతుంది. సెకనుకి పది లక్షల వెతుకులాటలైతే రెండు వేలకి దగ్గర. అన్నీ ప్రమాదం చేయవు, లోతు చాలినవి, హద్దు సరిపడేవి మాత్రమే లోపలికొస్తాయి. అందుకే ఒక్కోసారి మాత్రమే మంత్రి పోతోంది.

అసర్ట్ ఎందుకు ఆగలేదంటే, అది రెండువైపులా అదే పట్టికతో లెక్కేస్తుంది. పట్టికే పేదదైతే దానికి తెలిసే దారి లేదు. నేను కూడా ముందు పట్టికే అడగాల్సింది, అసర్ట్ వెనక పంపాను. ఇలా మార్చు:

```
std::mt19937_64 rng(1070372);
z[p][s] = rng();
```

విత్తనం ఏదైనా సరే, కానీ మార్చకు. రేపు ఒక తప్పు దొరికితే మళ్లీ అదే కీలతో నడపగలగాలి. ఎత్తు చెల్లుబాటు పరీక్ష కూడా పెట్టు, ఖాళీ గడి వచ్చిన ప్రతిసారీ ఒక లెక్కింపు పెంచు.

విక్రమార్కుడు
కొత్తఎత్తు విషయంలో సరే, పట్టికే తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట వెనక్కి తీసుకోను. 51 రోజులన్నారు కదా. నాది 60 రోజులుగా నడుస్తోంది.

పాతకాపు
ఏది నడుస్తోంది?

విక్రమార్కుడు
చదరంగం మానేసి ఏడాదైంది. బిళ్లలు పైనుంచి జారవిడిచి నాలుగు వరస చేసే ఆట ఉంది కదా, దాన్నే 9 నిలువు వరసలు, 8 ఎత్తు బోర్డు మీద పూర్తిగా తేలుస్తున్నాను. మొదటి ఆటగాడు గెలుస్తాడా, లేదా. అక్కడ "వేరు దగ్గర ఎత్తు మారడం అరుదు" అంటే కుదరదు. ఒక్క తప్పు ఎంట్రీ దూరితే వచ్చిన జవాబు రుజువు కాదు, ఊహ.

పాతకాపు
ఈ మాట మొదటి పోస్టులో చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా! నేను ఆడే ప్రోగ్రాం గురించి మాట్లాడుతున్నాను, మీరు రుజువు గురించి.

అయినా ఆ ఆటకి జోబ్రిస్ట్ ఎందుకు? మామూలు 7×6 బోర్డుకి వరసకి 7 బిట్లు చొప్పున 49 బిట్లలో బోర్డంతా పట్టేస్తుంది. కీయే బోర్డు, ఢీ అన్న మాటే లేదు.

విక్రమార్కుడు
9×8కి వరసకి 9 బిట్లు, మొత్తం 81. 64లో పట్టదు. అందుకే పక్కన బోర్డు దాస్తున్నాను. ఊరికే చాదస్తం కాదు.

పాతకాపు
సరే, అక్కడ మీదే న్యాయం. ఇండెక్స్‌లో కొన్ని బిట్లు ఎలాగూ తెలిసిపోతాయి, ఆ 81ని ఎక్సార్ లాంటి వెనక్కి తిప్పగల మార్పుతో కలిపి ఇండెక్స్ తీస్తే దాచాల్సింది అరవై లోపే ఉంటుంది. ఆలోచించండి.

కానీ చదరంగంలో మాత్రం బోర్డు దాచినా మీకు రుజువు రాదు. అదే పొజిషన్ మూడోసారి వస్తే డ్రా, తొలిసారైతే కాదు. ఆ చరిత్ర బోర్డులో ఉండదు. మీ బిళ్లలు వెనక్కి రావు కాబట్టి మీరు తప్పించుకున్నారు.

విక్రమార్కుడు
తప్పించుకోలేదు, ఎంచుకున్నాను. ఆ మార్పు మాత్రం ఒకసారి వివరంగా రాయండి. అరవై లోపు అంటే నా ఎంట్రీ సగమవుతుంది.

సుజాత
15 కాదు 31 అని నన్ను దిద్దారు సరే, పట్టుకున్నది నేనే అని గుర్తుంచుకోండి 🙂

కొత్తఎత్తు
రాత్రంతా నడిపాను. ఖాళీ గడి లెక్కింపు పాత పట్టికతో నిమిషంలోనే వందలు దాటేది, ఇప్పుడు 0. మంత్రి భద్రం. కానీ కొత్తది ఒకటి మొదలైంది: మూడెత్తుల్లో మేట్ అంటుంది, ఎత్తు వేశాక మళ్లీ మూడెత్తుల్లో మేట్ అంటుంది, అలా తిరుగుతూనే ఉంది. ఇదీ ఢీకొనడమేనా?

పాతకాపు
కాదు. మేట్ స్కోరుని వేరు నుంచి దూరంగా లెక్కేసి అలాగే దాస్తున్నావు. అదే పొజిషన్ ఇంకో లోతులో తగిలినప్పుడు పాత దూరమే చెబుతుంది. దాచేటప్పుడు గెలుపు స్కోరుకి ply, అంటే వేరు నుంచి ఆ పొజిషన్ ఎన్ని ఎత్తుల దూరమో ఆ సంఖ్య, కలిపి, తీసేటప్పుడు తీసెయ్యి. ఓటమికి దానికి తిరగ.

విక్రమార్కుడు
ఇది బోర్డు దాచినా పోదు. నాకూ జరిగింది.