డెంగీ వచ్చి టర్మ్ పేపర్ ఆగిపోతే: గడువు అడిగే మెయిల్‌లో రిపోర్టు పెట్టాలా, వద్దా?

సోషియాలజీ_సెకండియర్ (ప్రశ్న)
ఎం.ఏ. సోషియాలజీ. టర్మ్ పేపర్ ఈ శుక్రవారం, నవంబర్ 14 రాత్రి 11:59 లోపు మూడుల్‌లో పెట్టాలి. ఇంటర్నల్స్‌లో దీనికి 20 మార్కులు. శనివారం జ్వరం మొదలైంది, సోమవారం డెంగీ పాజిటివ్. 4,000 పదాల్లో 1,500 అయ్యాయి. మేడమ్‌కి ఇవాళే, బుధవారమే, మెయిల్ పెడతాను. ల్యాబ్ రిపోర్టు మొదటి మెయిల్‌కే జతచేయాలా, అడిగితే ఇవ్వాలా? ఎన్ని రోజులు అడగొచ్చు?

కృష్ణలంక
అన్నీ పెట్టేయ్ బ్రదర్. ఎన్ఎస్1 రిపోర్టు, ప్లేట్‌లెట్ కౌంటు, మందుల చీటీ, బిల్లు. హెచ్‌ఓడీని సీసీలో పెట్టు. రేపు ఎవరూ "నాకు చెప్పలేదు" అనడానికి ఉండదు. రెండు రోజులు అడుగు చాలు, తక్కువ అడిగితే తొందరగా ఒప్పుకుంటారు.

పాతబోర్డు_సుద్దముక్క
ఇవాళే మెయిల్ పెట్టడం వరకు సరే, కృష్ణలంక చెప్పినవి వద్దు. హెచ్‌ఓడీని మొదటి మెయిల్‌లోనే సీసీలో పెడితే, మేడమ్ ఇంకా కాదనకముందే ఆమె మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. గడువు ఇవ్వాలా వద్దా అనేది ముందు ఆ పేపర్ చెప్పేవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆమె కాదన్నా, బదులే ఇవ్వకపోయినా అప్పుడు హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లొచ్చు.

ప్లేట్‌లెట్ అంకె చూసి ఆమె తేల్చగలిగేది ఏమీ లేదు. ఆమెకు కావాల్సినవి మూడే: ఎప్పటి నుంచి పని ఆగింది, ఎంత పని అయింది, ఏ తేదీకి ఇస్తారు. ల్యాబ్ రిపోర్టులో మీ వయసు, ఫోన్ నంబరు, అదే రోజు చేసిన ఇతర పరీక్షల ఫలితాలు కూడా ఉంటాయి. ఒకసారి పంపాక ఆ మెయిల్ ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో మీ చేతిలో ఉండదు. "డాక్టరు రాసిన చీటీ ఉంది, అవసరమైతే పంపుతాను" అన్న ఒక్క వాక్యం చాలు. కోర్సు ఔట్‌లైన్‌లో వైద్య ధ్రువపత్రం తప్పనిసరి అని ఉంటే మాత్రం జతచేయాల్సిందే. ముందు అది తెరిచి చూడండి.

రెండు రోజులు అడగడమే అసలు పొరపాటు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే, అంటే నాలుగు నుంచి ఏడో రోజు మధ్యే, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. మీకిది ఐదో రోజు. వారాంతానికి ఇస్తానని మాటిచ్చి ఆదివారం మళ్లీ మెయిల్ పెడితే మొదటి మెయిల్ మీద నమ్మకం కూడా పోతుంది. జ్వరం పోయాక నీరసం వారాల తరబడి ఉండొచ్చు. మిగిలింది 2,500 పదాలు. 24వ తేదీ సోమవారం అడగండి, కానీ మార్కులు పరీక్షల విభాగానికి ఎప్పుడు వెళ్లాలో దాన్ని బట్టి తగ్గించుకునే వీలు ఆమెకు ఇవ్వండి.

పల్నాడు_పిల్ల
అన్నా, మీరు చెప్పినట్టు చేస్తే ఒక రోజు వృథా. ఇవాళ బుధవారం. "అవసరమైతే పంపుతాను" అంటే మేడమ్ రేపు "పంపు" అంటారు, తను పంపేసరికి శుక్రవారం వస్తుంది. అంత తక్కువ టైముంటే జతచేయడమే మేలు. పైగా వంద మంది ఉన్న క్లాసులో ఆమె ఎవరినని గుర్తుపెట్టుకుంటారు?

పాతబోర్డు_సుద్దముక్క
అందులో న్యాయముంది. అలాగైతే రిపోర్టు కాకుండా, డాక్టరు విశ్రాంతి తీసుకోమని తేదీలతో రాసిన చీటీ ఒక్కటి, ఒక పేజీ పీడీఎఫ్‌గా పెట్టండి. ఫోనుతో తీసిన ఏడు ఫొటోలు పంపితే ఏది ఏదో తెలియదు. ఫైలు పేరులో హాల్‌టికెట్ నంబరు ఉండాలి.

మెయిల్ వరుస ఇదీ. ఇంగ్లీషులో రాసుకున్నా ఈ వరుస మార్చకండి.

విషయం: టర్మ్ పేపర్ గడువు 14 నుంచి 24 నవంబర్‌కు పొడిగింపు కోసం (కోర్సు కోడ్, హాల్‌టికెట్ నంబరు)

"మేడమ్, నమస్కారం. నేను గ్రామీణ సమాజం కోర్సులో మీ విద్యార్థిని. 8వ తేదీ నుంచి జ్వరం, 10న డెంగీ అని నిర్ధారణ అయింది. 16 వరకు విశ్రాంతి తీసుకోమని డాక్టరు రాశారు, చీటీ జతచేశాను. ఆధిపత్య కులం భావన మీద నా పేపర్‌లో ఇంటర్వ్యూలు, పూర్వ రచనల సమీక్ష అయ్యాయి, సుమారు 1,500 పదాలు రాశాను. విశ్లేషణ మిగిలింది. 24వ తేదీ సోమవారం వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాను. మార్కుల నమోదుకు అది ఆలస్యమైతే మీరు చెప్పిన తేదీకి ఇస్తాను. గడువు ఇస్తే మూడుల్‌లో నా ఒక్క పేరుకు పొడిగింపు పెట్టగలరా?"

ఆ చివరి వాక్యం వదలొద్దు. మూడుల్‌లో Cut-off date దాటితే లింకు మూసుకుంటుంది. మేడమ్ నోటితో సరేనన్నా, Grant extension నొక్కకపోతే మీరు ఫైలు ఎక్కించలేరు. యూనివర్సిటీ ఐడీ నుంచే పంపండి, సొంత ఐడీదైతే స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది.

రేగడి_నేల
మెడికల్ సర్టిఫికెట్ గెజిటెడ్ డాక్టరుదే ఉండాలి, ప్రైవేటుది చెల్లదు. హాజరు 75 శాతం లోపు ఉంటే కండొనేషన్ ఫీజు కూడా కట్టాలి.

పల్నాడు_పిల్ల
మీరు హాజరు గురించి చెబుతున్నారండీ. అడిగింది టర్మ్ పేపర్ గురించి. హాజరు ఆఫీసు చూసుకుంటుంది, ఇది మేడమ్ చూసుకుంటారు. పేపర్ గడువుకు గెజిటెడ్ సంతకం కోసం తిరిగితే శుక్రవారం అయిపోతుంది.

డాలస్_నుంచి
నాకు ఇక్కడ మాస్టర్స్‌లో ఫ్లూ వచ్చినప్పుడు హెల్త్ సెంటర్ వాళ్లు నోటు ఇవ్వం అన్నారు, ఇవ్వడం వాళ్ల విధానంలోనే లేదట. ప్రొఫెసర్‌కి ఒక్క లైను రాస్తే సరిపోయింది. సెమిస్టర్ చివరికీ కాకపోతే ఇన్‌కంప్లీట్ గ్రేడు అడగొచ్చు. అక్కడ కూడా నేరుగా అదే అడగండి.

పాతబోర్డు_సుద్దముక్క
అమెరికాలో నడిచింది ఇక్కడ అలాగే నడుస్తుందని అనుకోకండి. ఇంటర్నల్ మార్కులు ఒక తేదీకి ఎక్కించేయాలి. ఆ తర్వాత మార్చాలంటే మేడమ్ పరీక్షల విభాగానికి లేఖ రాయాలి, ఆ పని ఎవరూ ఇష్టంగా చేయరు. అందుకే ఆ తేదీ లోపల పడేలా అడగాలి.

సోషియాలజీ వాళ్లు కాబట్టి ఒక మాట. టాల్కట్ పార్సన్స్ 1951లో చెప్పినట్టు, జబ్బు పడ్డవాడికి పనుల నుంచి మినహాయింపు దొరుకుతుంది, బదులుగా కోలుకోవడానికి ప్రయత్నించే బాధ్యత ఉంటుంది. మెయిల్‌లో మినహాయింపు ఒక్కటే కనిపిస్తే సాకులా చదువుతారు. పేపర్ ఎంత అయింది, ఏ తేదీకి ఇస్తాను అనే వాక్యాలు ఆ రెండో సగం.

కృష్ణలంక
సీసీ విషయం ఒప్పుకున్నా. కానీ రాసిన 1,500 పదాలైనా శుక్రవారం లోపు పోర్టల్‌లో పెట్టాలి కదా? మేడమ్ బదులివ్వకపోతే సున్నా వస్తుంది.

పాతబోర్డు_సుద్దముక్క
దాన్నే తుది ప్రతి అనుకుని దిద్దేస్తే? పైగా ఇంకో అసైన్‌మెంట్ లింకులో టర్నిటిన్‌కి పెడితే, దాన్ని భద్రపరిచే అమరిక ఉన్నచోట రేపు పూర్తి పేపర్ మీ పాత ప్రతితోనే సరిపోలిందని చూపిస్తుంది. ఒక పేజీ ఔట్‌లైన్ మెయిల్‌కి జతచేస్తే చాలని నా ఉద్దేశం.

పల్నాడు_పిల్ల
బదులు రాకపోతే మాత్రం సగమైనా సున్నా కన్నా మేలే అన్నా. మొదటి పేజీ మీద "అసంపూర్ణ ప్రతి, గడువు కోరాను" అని రాసి, అదే లింకులో, శుక్రవారం రాత్రి 10 లోపు పెట్టొచ్చు. డ్రాఫ్ట్‌గా వదిలేస్తే, గడువు పొడిగించాక మార్చుకోవచ్చు.

పాతబోర్డు_సుద్దముక్క
మీ సెట్టింగ్‌లో Submit బటన్ ఉంటే, అది నొక్కాక ఇక డ్రాఫ్ట్ కాదు, తాళం పడినట్టే. అది నొక్కక ముందు చూసుకోండి. నేనైతే గురువారం సాయంత్రం వరకు బదులు రాకపోతే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేయమంటాను. సగం ప్రతి పెట్టే విషయంలో మాత్రం నా మాట మారదు.