యూరో వాడే బలహీన దేశానికి, డబ్బు విలువ తగ్గించుకునే వీలు లేకపోతే నష్టం ఏమిటి?

స్వప్న (హనుమకొండ): గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. 1991 జులైలో పీవీ గారి ప్రభుత్వం రూపాయి విలువను రెండు రోజుల తేడాతో రెండుసార్లు తగ్గించింది. గ్రీస్‌కు కష్టం వచ్చినప్పుడు ఆ దారి లేకుండా పోయిందని నా పుస్తకంలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. రూపాయి విలువ తగ్గించినా సరుకుల ధరలు పెరిగి జనమే నష్టపోతారు కదా. మరి రెండింటికీ తేడా ఏమిటి?

కిరణ్: గ్రీస్ సొంతంగా నోట్లు అచ్చు వేసుకోలేదు. అంతే, ఇంకేం లేదు.

మల్లేశం (జగిత్యాల): మా తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. రూపాయి పడ్డప్పుడల్లా ఇంటికి నాలుగు పైసలు ఎక్కువ వస్తాయి. విలువ పడితే నష్టం అని ఎందుకు అంటున్నారో నాకు అర్థం కాలేదు.

సదానందం: మల్లేశం, స్వప్న అడుగుతున్నది విలువ పడితే వచ్చే నష్టం గురించి కాదు, పడాల్సినప్పుడు పడకపోతే వచ్చే నష్టం గురించి. కిరణ్, నువ్వు చెప్పింది నిజమే కానీ అసలు దెబ్బ జీతాల దగ్గర తగిలింది.

గ్రీస్ 2001లో యూరోలో చేరినప్పుడు వాళ్ల పాత కరెన్సీ డ్రాక్మాను ఒక యూరోకు 340.75 చొప్పున లెక్క కట్టారు. ఆ తర్వాత ఏళ్లలో గ్రీస్‌లో జీతాలు, ధరలు జర్మనీ కంటే బాగా వేగంగా పెరిగాయి. గ్రీస్ సరుకు బయటివాళ్లకు ఖరీదైపోయింది. డ్రాక్మా ఉండి ఉంటే దాని విలువ పడేది. 1983లో, 1985లో వాళ్లు అలాగే తగ్గించుకున్నారు. ఒక హోటల్ గది అద్దె 34,075 డ్రాక్మాలు అనుకో. పాత లెక్కన అది 100 యూరోలు. డ్రాక్మా 20 శాతం పడితే, గ్రీస్‌లో ఎవరి జీతం చీటీ మీదా అంకె మారకుండానే, జర్మనీ నుంచి వచ్చేవాడికి ఆ గది 80 యూరోలకు దొరుకుతుంది.

యూరోలో ఉంటే ఆ 100ను 80 చేయడానికి జీతాలనే కోయాలి. ఇచ్చిన జీతం తగ్గిస్తే ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు. అందుకే యజమాని ముందు మనుషులను తీసేస్తాడు. నిరుద్యోగం బాగా పెరిగాకే జీతాలు దిగుతాయి. 2013 నాటికి గ్రీస్‌లో నిరుద్యోగం 27 శాతం దాటింది.

స్వప్న: సార్, చివరికి జీతం విలువ తగ్గేది రెండు దారుల్లోనూ కదా?

సదానందం: తగ్గుతుందమ్మా. కానీ అప్పు తగ్గదు, అక్కడ చూడు. 2012 ఫిబ్రవరిలో గ్రీస్ కనీస వేతనాన్ని నెలకు 751 యూరోల నుంచి 586కు దించారు. 300 యూరోల ఇంటి కిస్తీ కట్టేవాడిని తీసుకో. మునుపు జీతంలో 40 శాతం కిస్తీకి పోయేది, ఇప్పుడు 51 శాతం పోతుంది. డ్రాక్మా అప్పు, డ్రాక్మా జీతం అయ్యుంటే ఆ 40 శాతం పెరిగేది కాదు. బియ్యం, పెట్రోలు ధరలు పెరిగేవి, అది వేరే బాధ. దేశానికీ ఇదే లెక్క. ఆదాయం నాలుగో వంతు దాకా కుంచించుకుపోయింది. 2012లో ప్రైవేటువాళ్లకు గ్రీస్ కట్టాల్సిన అప్పులో పెద్ద భాగం రద్దు చేశారు. అయినా 2009లో దేశ ఆదాయంలో 127 శాతం దగ్గర ఉన్న అప్పు 2013కి 175 దాటింది.

కిరణ్: అయితే యూరో వదిలేసి డ్రాక్మాకు వెళ్లిపోతే సరిపోయేది.

సదానందం: చేరకముందు వేరు, చేరాక వేరు. చేరాక అప్పులన్నీ యూరోల్లో ఉంటాయి. కొత్త డ్రాక్మా సగానికి పడితే ఆ అప్పు డ్రాక్మాల్లో రెండింతలవుతుంది. పైగా వదిలేస్తారన్న అనుమానం వస్తే చాలు, జనం డబ్బు తీసుకోవడానికి బ్యాంకుల ముందు లైన్ కడతారు. 2015లో అదే టెన్షన్‌తో మూడు వారాలు బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇచ్చారు. సొంత కరెన్సీ ఉన్న ఐస్‌లాండ్‌లో కూడా 2008లో క్రోనా పడ్డప్పుడు విదేశీ కరెన్సీ లెక్కన ఇంటి అప్పు తీసుకున్నవాళ్లు నలిగిపోయారు.

స్వప్న: మరి మన రాష్ట్రాలన్నీ ఒకే రూపాయి వాడుతున్నాయి. బీహార్‌కు ఈ కష్టం రాదా?

మల్లేశం: బీహార్, ఒడిశా వాళ్లు మా దిక్కు రైస్ మిల్లులకు, ఇటుక బట్టీలకు వస్తున్నారు కదా.

సదానందం: మల్లేశం చెప్పింది జవాబులో సగం. మనుషులు కదిలి వెళ్తారు. మిగతా సగం, ఢిల్లీ వసూలు చేసే పన్నుల్లో పేద రాష్ట్రాలకు ఎక్కువ వాటా వెళ్తుంది. యూరోప్ ఉమ్మడి బడ్జెట్ ఆ దేశాల ఆదాయంలో ఒక శాతం దగ్గరే ఉంటుంది. దానితో గ్రీస్ గుంత పూడదు.

కిరణ్: కానీ సార్, గ్రీస్ నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు జర్మనీ వెళ్లిపోయారు. మనుషులు కదలడం మంచిదైతే, ఆ ఊళ్లలో మిగిలినవాళ్ల సంగతేంటి? వాళ్లను చదివించిన ఖర్చు గ్రీస్‌దే కదా.

సదానందం: ఆ ఖర్చు గ్రీస్‌కు తిరిగి రాలేదు. వెళ్లినవాళ్లు పంపే డబ్బు దాన్ని ఎంతవరకు పూడుస్తుందన్న దాని మీద ఆర్థికవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. నాకైతే పూడదనే అనిపిస్తుంది.

మల్లేశం: మా తమ్ముడు పంపేది ఇంటికి సరిపోతుంది సార్. ఊరికి సరిపోతుందా అంటే నేను చెప్పలేను.