ఐఆర్ఆర్ చిన్న ప్రాజెక్టు అంటోంది, ఎన్‌పీవీ పెద్దది అంటోంది. ఏది వినాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకు చిన్న ఐస్ ప్లాంటు ఉంది. జాగా తక్కువ కాబట్టి రెండింట్లో ఒకటే చేయగలం. పాత కంప్రెసర్ మార్చడానికి 10 లక్షలు అవుతుంది, మూడేళ్లపాటు ఏడాదికి 5 లక్షలు మిగులుతుంది. మొత్తం తీసేసి కొత్త ప్లాంటు పెడితే 40 లక్షలు అవుతుంది, అదే మూడేళ్లపాటు ఏడాదికి 18 లక్షలు మిగులుతుంది.

ఐఆర్ఆర్, అంటే పెట్టుబడి మీద ఏడాదికి పడే రాబడి శాతం, చూస్తే మొదటిది 23.4 శాతం, రెండోది 16.6. మా బావ "ఇంకా ఆలోచనేంటి, కంప్రెసరే" అంటాడు. కానీ రాబోయే డబ్బును 12 శాతం రేటుతో నేటి విలువకు తెచ్చి, పెట్టుబడి తీసేసి ఎన్‌పీవీ కడితే కంప్రెసర్‌కు 2.01 లక్షలు, కొత్త ప్లాంటుకు 3.23 లక్షలు వచ్చింది. శాతం ఎంతైనా, బ్యాంకులో వేసుకునేది రూపాయలే కదా!

అందుకే తేడాను విడిగా చూశాను. అదనంగా పెట్టే 30 లక్షలకు ఏడాదికి 13 లక్షలు అదనంగా వస్తాయి. దాని ఐఆర్ఆర్ 14.4 శాతం. అంటే మా రేటు అంతకంటే తక్కువైతే కొత్త ప్లాంటు, ఎక్కువైతే కంప్రెసర్. 15 శాతంతో కడితే నిజంగానే కంప్రెసర్ 1.42, ప్లాంటు 1.10 లక్షలకు తిరగబడ్డాయి.

నా టెన్షన్ ఇక్కడే. లోన్ 12 శాతానికి వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధాన్ని లెక్కలో తీసేశాను. కానీ వేట సరిగా లేని ఏడాది రిస్కు సంగతేంటి? దాని కోసం రేటును 15కి పెంచాలా, లేక 12నే ఉంచి 18 లక్షల అంచనాను తగ్గించాలా? రెండూ చేస్తే ఒకే రిస్కును రెండుసార్లు లెక్కేసినట్టు కాదా?